‘నో కాస్ట్’ ఫ్రిజ్‌కు నెలకు 3,000 అన్నారు, బిల్లు 3,314 వచ్చింది

ప్రశ్న: మాది నల్గొండ. ప్రైవేటు కాలేజీలో క్లర్కుగా పనిచేస్తున్నాను. మా బామ్మర్ది హాలియా దగ్గర వ్యవసాయం చేస్తాడు. కొత్తగా పెళ్లయింది, ఫ్రిజ్ కావాలన్నాడు. అతనికి క్రెడిట్ కార్డు లేదు కాబట్టి నా కార్డు మీద 36,000 రూపాయల ఫ్రిజ్ తీసుకున్నాం. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 3,000, వడ్డీ లేదు అని షాపతను చెప్పాడు. మొదటి బిల్లు 3,314 వచ్చింది. అందులో వడ్డీ 440 అని, జీఎస్టీ అని, ప్రాసెసింగ్ ఫీజు అని రాసుంది. రెండో నెల 3,073, మూడో నెల 3,067. బామ్మర్ది మాత్రం 3,000 చొప్పునే ఫోన్‌పే చేస్తున్నాడు, అదీ పోయిన నెల గడువు దాటాక పంపాడు. తేడా అడుగుదామంటే మా ఆవిడ “మా తమ్ముని దగ్గర గూడ మిత్తి అడుగుతరా?” అంటోంది. అతనేమో “బయట రెండు రూపాయల మిత్తికి తెచ్చి మొత్తం కట్టేద్దాం బావా, టెన్షన్ పోతుంది” అంటున్నాడు. ఇదే ఫ్రిజ్ నగదుకైతే 34,500కు ఇచ్చేవాళ్లని తర్వాత తెలిసింది. ఇది చాలదన్నట్టు పాప ఇంటర్ ఫీజు, పుస్తకాలు కలిపి ఈ నెల నా సొంత వాడకమే 24,000 అయింది. కట్టడానికి 12 రోజులుంది. మినిమం డ్యూ కడదామనుకుంటుంటే, ఈఎంఐలోకి మార్చుకోండి అని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. షాపువాడు నన్ను మోసం చేశాడా? ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: ముందు మీ బిల్లులోని ఆ 440 రూపాయల సంగతి చూద్దాం. అది అర్థమైతే మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ మానుకోదు. మీ కార్డు మీద సంవత్సరానికి 16 శాతం చొప్పున మామూలుగానే వేసుకుంటుంది. ఆ వడ్డీ ఎంతవుతుందో ముందే లెక్కగట్టి, అంత మొత్తాన్ని ఫ్రిజ్ కంపెనీయో షాపో ధరలోంచి తగ్గిస్తుంది. మీ విషయంలో బ్యాంకు మీకిచ్చిన అప్పు 36,000 కాదు, 33,065 రూపాయలు. దాని మీద 12 నెలల వడ్డీ 2,935. రెండూ కలిపితే సరిగ్గా 36,000, నెలకు 3,000. మొదటి బిల్లులో కనపడ్డ 440 ఆ 3,000 లోపలిదే, పైన వేసింది కాదు. కాబట్టి షాపతను చెప్పింది సగం నిజం. వడ్డీ ఉంది, కాకపోతే అంత సొమ్ము ధరలో ముందే తగ్గించారు.

ఇది నా ఊహ మీద నమ్మకండి, మీ దగ్గరున్న కాగితం చూడండి. కార్డు గీకినప్పుడు మిషన్‌లోంచి ఒక స్లిప్ వచ్చి ఉంటుంది. ఈఎంఐ స్లిప్ మామూలు స్లిప్ కంటే పొడుగ్గా ఉంటుంది. అప్పు మొత్తం, వడ్డీ శాతం, ఎన్ని నెలలు, నెలకెంత, డిస్కౌంట్ లేదా క్యాష్‌బ్యాక్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. అప్పు మొత్తం అన్నచోట 33,065కు అటూ ఇటూగా ఉంటే లెక్క సరిగ్గానే జరిగింది. అక్కడ 36,000 ఉండి, నెలకు 3,266 అని ఉంటే అది వేరే రకం. అందులో డిస్కౌంట్ ముందు ఇవ్వరు, కొన్నాళ్ల తర్వాత క్యాష్‌బ్యాక్‌గా కార్డులో వేస్తామంటారు. అది పడిందో లేదో చూసుకునే బాధ్యత మన మీద పడుతుంది. మీకు వచ్చిన బిల్లులను బట్టి చూస్తే మీది మొదటి రకమే. అయినా స్లిప్ వెతికి ఇవాళే ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి.

మరి 3,000 దాటి వచ్చిన డబ్బు ఏమిటి? రెండు ముక్కలు. ఒకటి ప్రాసెసింగ్ ఫీజు. 199 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 235. ఇది ఒక్కసారే, మొదటి బిల్లులో వచ్చేసింది. రెండోది వడ్డీ మీద జీఎస్టీ. బ్యాంకులో పర్సనల్ లోనో బంగారం లోనో తీసుకుంటే వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, చట్టం దానికి మినహాయింపు ఇచ్చింది. క్రెడిట్ కార్డు వడ్డీకి మాత్రం ఆ మినహాయింపు లేదు, 18 శాతం పడుతుంది. షాపు మీకు తగ్గించింది వడ్డీని మాత్రమే. ఆ వడ్డీ మీద పన్నును ఎవరూ తగ్గించలేదు, అది మీ నెత్తిన పడింది. మొదటి నెల వడ్డీ 440 మీద 79 రూపాయలు. 3,000కు ఆ 79, ఫీజు 235 కలిపితే మీ 3,314 వచ్చేస్తుంది. తర్వాత అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గుతుంది, దానితో పాటు పన్నూ తగ్గుతుంది. అందుకే రెండో నెల 73, మూడో నెల 67. చివరి నెలలో 7 రూపాయలే ఉంటుంది. 12 నెలల పన్ను మొత్తం 528. ఫీజుతో కలిపి మీరు 36,000 మీద అదనంగా కట్టేది 763 రూపాయలు. మన మిత్తి లెక్కలో చెప్పాలంటే పావలా మిత్తికి కాస్త పైన.

ఇక్కడితో ఆగితే ఈఎంఐ చవకే అనిపిస్తుంది. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది 34,500 అన్న మాట. నగదుకు 34,500కు వచ్చే వస్తువును మీరు 36,763కు కొన్నారు. తేడా 2,263. నెలనెలా తీరుతూ పోయే అప్పు మీద అది సంవత్సరానికి దాదాపు 12 శాతం అవుతుంది, అంటే నూటికి నెలకు రూపాయి మిత్తి. నో కాస్ట్‌లో అసలు ఖర్చు బిల్లులో కనపడే జీఎస్టీ కంటే, బిల్లులో ఎక్కడా కనపడని ఈ 1,500లోనే ఎక్కువ ఉంది. పన్ను, ఫీజు కనీసం కాగితం మీద కనిపిస్తాయి, నిలదీయడానికి వీలుంటుంది. వదులుకున్న తగ్గింపు ఏ కాగితం మీదా ఉండదు. నాకు ఈ పద్ధతి మీద కోపం వచ్చేది అక్కడే.

ఆర్‌బీఐ కూడా దీన్ని ఎప్పుడో పట్టుకుంది. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని 2013లోనే బ్యాంకులకు రాసింది. 2022 ఏప్రిల్‌లో తెచ్చిన కార్డుల నిబంధనల్లో ఇంకా స్పష్టంగా చెప్పింది. ఈఎంఐలోకి మార్చక ముందే అసలెంత, వడ్డీ ఎంత, నో కాస్ట్ కోసం ఇచ్చిన డిస్కౌంట్ ఎంత అన్నది కస్టమర్‌కు చూపించాలి, బిల్లులో కూడా విడివిడిగా రాయాలి. వడ్డీ ఉన్న ఈఎంఐని వడ్డీ లేనిదిగా చూపకూడదు. మీ బిల్లులో వడ్డీ 440 అని విడిగా కనపడటానికి కారణం ఆ నిబంధనే. అది చూసి మోసం జరిగిందని మీకు అనిపించింది, నిజానికి దాచకుండా చూపించాలన్నందుకే అక్కడ ఉంది.

ఇక బామ్మర్ది విషయం. మీ ఆవిడ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఆమెకు మీరు తమ్ముడి దగ్గర వడ్డీ తీసుకుంటున్నట్టు అనిపిస్తోంది. కానీ ఆ 763లో మీ జేబులోకి వచ్చేది ఒక్క రూపాయి లేదు. కొంత బ్యాంకు ఫీజు, మిగతాది ప్రభుత్వానికి పోయే పన్ను. ఈ లెక్క ముందు ఆమెకు చూపించండి, అతనికి కాదు. తర్వాత మీ ముందు రెండు దారులున్నాయి.

ఒకటి, ఆ 763ను పెళ్లికి పెట్టిన దానిలో భాగమనుకుని మీరే భరించడం. డబ్బు లెక్కలో ఇది పెద్ద భారం కాదు, ఇంట్లో మాట రాదు. అలా అనుకుంటే ఇవాళే అనుకుని, మళ్లీ ఎప్పుడూ ఎత్తకండి. రెండోది, మొదటి బిల్లు ఫోటో అతనికి పంపి, “12 నెలలకు కలిపి 763 పైన పడుతుంది, నెలకు 64 అనుకో, 3,064 పంపు” అని ఒక్క అంకె చెప్పడం. నెలకో అంకె, ఒకసారి 79, ఒకసారి 67 అంటూ అడిగితే మీరే మిత్తి వసూలు చేస్తున్నట్టు ఉంటుంది. ఒక్క అంకె అయితే అది బ్యాంకు లెక్క అని తెలిసిపోతుంది. మూడు నెలలు గడిచిపోయాయి కాబట్టి పాత తేడా వదిలేసి, వచ్చే నెల నుంచి అడిగినా సరే.

నాకైతే ఆ 64 రూపాయల కంటే అతను పంపే తేదీ ముఖ్యం అనిపిస్తోంది. కార్డు మీ పేరు మీద ఉంది. అతను ఆలస్యం చేస్తే లేటు ఫీజు మీకు, సిబిల్‌లో మచ్చ మీకు. గడువుకు ఐదారు రోజుల ముందు తేదీ ఒకటి చెప్పండి. అతనిది వ్యవసాయం, నెలనెలా చేతిలో డబ్బుండదు. ఆ సంగతి అతనితోనే మాట్లాడి, ఏయే నెలల్లో ఇవ్వలేడో ముందే తెలుసుకోండి. ఆ నెలల్లో మీరు వేసి, వడ్లు అమ్మాక అతను ఒకేసారి ఇవ్వడం కూడా ఒక ఏర్పాటే. గడువు రోజు రాత్రి ఫోన్ చేసి అడగాల్సి రావడం కంటే అది నయం.

రెండు రూపాయల మిత్తికి తెచ్చి మూసేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. లెక్క చూడండి. మూడు కిస్తీలు కట్టాక మీ అసలు ఇంకా 25,285 ఉంది. ఇప్పుడు మూసేస్తే ముందు ముందు పడాల్సిన వడ్డీ 1,715, దాని మీద జీఎస్టీ 309, మొత్తం 2,024 మిగులుతుంది. కానీ ముందుగా మూసినందుకు చాలా బ్యాంకులు మిగిలిన అసలు మీద 3 శాతం దాకా తీసుకుంటాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ. 3 శాతమైతే 895 రూపాయలు. అది పోను మీకు మిగిలేది 1,129. అందుకోసం అతను 26,180 రూపాయలు రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 523 మిత్తి. పంట వచ్చేదాకా అసలు తీర్చకపోతే రెండు నెలలు దాటగానే మిగిలిందంతా పోయి, ఆ తర్వాత ప్రతి నెలా ఎదురు కట్టుకోవాలి.

అతని దగ్గర సొంత డబ్బు ఉండి కడతానంటే సంగతి వేరు. వడ్లు అమ్మిన డబ్బు చేతికొస్తే మూసేయొచ్చు, కానీ ఎంత ముందైతే అంత లాభం. 8 కిస్తీలు కట్టాక మూస్తే ఇలా ఉంటుంది. మిగిలిన వడ్డీ, పన్ను కలిపి 460, మూసే ఖర్చు 411. లాభం 50 రూపాయలు కూడా లేదు. అప్పటికి వచ్చాక కదపకుండా చివరిదాకా కట్టేయడమే నయం. ఇంకో మాట. మూసే ముందు బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. మూసే ఫీజు ఎంత శాతం, ముందు ఇచ్చిన నో కాస్ట్ డిస్కౌంట్ వెనక్కి తీసుకుంటారా? కొన్ని ఆఫర్లలో మధ్యలో మూస్తే డిస్కౌంట్ రద్దవుతుంది. 2,935 వెనక్కి లాక్కుంటే మీ లాభమంతా తుడిచిపెట్టుకుపోతుంది. జవాబును మెయిల్‌లో తెప్పించుకోండి.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర్లో రెండు ముక్కల్లో రాసిన 24,000. మీ ఇంట్లో 763 గురించి జరుగుతున్నంత చర్చ దీని గురించి జరగాలి. ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడ.

మినిమం డ్యూలో ఫ్రిజ్ కిస్తీ పూర్తిగా కలిసి ఉంటుంది, మీ సొంత వాడకంలో మాత్రం చిన్న భాగమే ఉంటుంది. అది కడితే లేటు ఫీజు తప్పుతుంది, అంతే. మిగిలినదాని మీద, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. చాలా కార్డుల్లో అది నెలకు 3.5 శాతం, ఇంకొన్నింటిలో ఇంకాస్త ఎక్కువ. జీఎస్టీ కలిపితే 4.13, అంటే నాలుగు రూపాయల మిత్తి దాటింది. 24,000 మీద ఒక్క నెలకు దాదాపు 990. ఫ్రిజ్ మీద సంవత్సరం మొత్తం పడే అదనపు ఖర్చు కంటే ఎక్కువ. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా ఏం కొన్నా దానికి 45, 50 రోజుల వడ్డీ లేని గడువు ఉండదు. పాలప్యాకెట్ కొన్నా ఆ రోజు నుంచే మిత్తి.

అందుకే మినిమం డ్యూ కంటే ఈఎంఐలోకి మార్చడం మెరుగే. కానీ ఇందులో షాపు డిస్కౌంట్ ఉండదు, వడ్డీ మొత్తం మీదే. ఫోన్‌లో నెలకు ఒకటిన్నర శాతమే అంటారు. అంటే సంవత్సరానికి 18. మీ 24,000ను 6 నెలలకు మారిస్తే కిస్తీ సుమారు 4,213. వడ్డీ 1,276, దాని మీద జీఎస్టీ 230. ప్రాసెసింగ్ ఫీజు 1 శాతం అనుకుంటే జీఎస్టీతో 283. మొత్తం 1,789 అదనం. ఒకటిన్నర అని చెప్పింది ఫీజు, పన్ను కలిసేసరికి రెండు రూపాయల మిత్తి దాటిపోయింది. గడువు తక్కువైతే ఫీజు భారం ఇంకా బరువు. మూడు నెలల ఈఎంఐకైనా అదే ఫీజు కట్టాలి మరి.

ఇంట్లో బంగారం ఉండి, బ్యాంకులో పెట్టడానికి మీ ఆవిడకు అభ్యంతరం లేకపోతే, దాని వడ్డీ సంవత్సరానికి 10 శాతం అనుకున్నా, ఇదే తీరులో తీర్చుకుంటూ పోతే 6 నెలలకు సుమారు 700 రూపాయలు. వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, బంగారం విలువ కట్టే అప్రైజర్ ఖర్చు లాంటివి కొంచెం పడతాయి. తీర్చే క్రమశిక్షణ లేకపోతే బంగారం ఇరుక్కుపోతుందన్నది దాని రెండో వైపు. ఆడవాళ్ల బంగారం కదిలించడం ఇష్టం లేకపోతే అదీ సరైన కారణమే, వదిలేయండి. అప్పుడు చేతిలో ఉన్నంత, పదివేలైనా సరే, కట్టేసి మిగిలిన 14,000ను మాత్రమే ఈఎంఐకి మార్చమని అడగండి. చాలా బ్యాంకులు బిల్లులో కొంత భాగాన్ని మారుస్తాయి. ఖర్చు దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

ఏది చేసినా గడువు తేదీకి రెండు మూడు రోజుల ముందే పని పూర్తవ్వాలి. ఈఎంఐకి మారిందని మెసేజ్ వచ్చాక, ఇప్పుడు ఈ బిల్లు మీద ఇంకెంత కట్టాలని అడిగి, అంతా గడువులోపు కట్టండి. మారిపోయిందిలే అనుకుని మిగతా ముక్క కట్టకపోతే, మళ్లీ ఆ నాలుగు రూపాయల మిత్తిలోకి వెళ్తారు. ఫోన్ చేసినవాళ్లకు సరే అనకండి, కార్డు నంబరు గానీ ఓటీపీ గానీ చెప్పకండి. మీ బ్యాంకు యాప్‌లోకి మీరే వెళ్లి మార్చుకోండి. సరే నొక్కే ముందు వడ్డీ, ఫీజు రెండూ తెర మీద కనపడతాయి.

షాపు మీద ఫిర్యాదు చేయాలా అంటే, స్లిప్‌లో అప్పు 33,065 ఉంటే అందులో పెద్దగా పట్టు దొరకదు. ఒకవేళ స్లిప్‌లో గానీ బిల్లులో గానీ డిస్కౌంట్ ఎక్కడా లేకపోతే, అప్పు 36,000గా నడుస్తుంటే, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్లిప్ ఫోటో, షాపు ఇన్‌వాయిస్, మూడు బిల్లులు జతచేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కు ఫోన్ చేస్తే చెబుతారు.